మా వదిన వేయించిన మొక్కజొన్న

మా వదిన శకుంతలమ్మకు నాకు మొదట్లో అస్సలు పడేది కాదు. నగరిలో మరమగ్గాల ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, తిరుచానూరులో మా బొరుగుల అంగడికి కోడలుగా వచ్చి, పొయ్యి ముందు కూర్చోవడానికే మొహం చిట్లించేది. ఈమె రెండు నెలలు కూడా నిలవదని నేను మా అమ్మతో అన్నాను. నా నోరు అలాంటిది. నేను అన్నదేదీ ఆమె నిజం కానివ్వలేదు. ఏడాది తిరక్కుండానే మా నాయన కంటే బాగా బొరుగులు వేయించేది.

బొరుగుల పని చూసేవాళ్లకు ఆటలా ఉంటుంది. వడ్లు ఉడకబెట్టి, ఎండబెట్టి, మరలో పొట్టు తీయించి, ఆ బియ్యానికి ఉప్పునీళ్లు పట్టించి, కాలిన ఇసకలో వేస్తే అవి పొంగుతాయి. ఇసక ఎంత కాలిందో వదిన కళ్లతో చూసేది కాదు, దగ్గరికి చెయ్యి తీసుకెళ్లి చెప్పేది. అమ్మవారి గుడికి వచ్చే జనం పిల్లలకు పాప్‌కార్న్ అడగడం మొదలుపెట్టాక మా అన్న మునస్వామి గ్యాసు పొయ్యి ఉన్న బండి ఒకటి కొన్నాడు. దానికి మొక్కజొన్న వేరే. కోళ్ల మేతకు పోయే పెద్ద గింజ పేలదు, చిన్నగా గట్టిగా ఉండే గింజ కావాలి. లోపలున్న తడి ఆవిరై, తోలు తట్టుకోలేనప్పుడు అది పగిలి పువ్వవుతుంది. మూత సరిగ్గా పెట్టని డబ్బాలో గింజలు మరీ ఎండిపోతే సగం పేలవు. అలాంటప్పుడు అన్నకు మంచి తిట్లే పడేవి.

అన్నకు ఆ పాప్‌కార్న్ అంటే ప్రాణం. అమ్మిందెంతో తిన్నదీ అంతే అని వదిన వెక్కిరించేది. పిల్లలు లేని ఇల్లు వాళ్లది. ఒకరినొకరు వెక్కిరించుకోవడమే వాళ్ల సందడి.

నిరుడు అన్నకు కడుపునొప్పి పట్టుకుంది. తిన్నది నిలిచేది కాదు, మనిషి సగమయ్యాడు. తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే పేగుకు క్షయ అన్నారు. పేగు ఒకచోట బాగా ఇరుకైపోయిందని, మందులు వాడి చూద్దామని, తగ్గకపోతే కోసి తీయాలని పెద్ద డాక్టరు చెప్పాడు. కోతంటే అన్న వణికిపోయాడు. అంతవరకు ఆ ఇరుకులో ఏదీ అడ్డం పడకుండా చూసుకోవాలి. ఆ బాధ్యతంతా వదిన వంట మీద పడింది.

పథ్యం చెప్పే అమ్మాయి పేరు మోనిక. మంచి పిల్లే. తెల్లన్నం, ఇడ్లీ, బొరుగులు తినొచ్చు అంది. పొట్టు తీయని ధాన్యం వద్దు, కూరగాయలు తోలు తీసి మెత్తగా ఉడికించాలి అంది. బయట ఇంకా జనం నిలబడి ఉంటే అంతకంటే ఎంతసేపు చెబుతుంది? వదిన తలూపింది. ఇంటికొచ్చి రాగులు, సద్దలు, కొర్రలు ఉన్న డబ్బాలన్నీ తెచ్చి మా ఇంట్లో పెట్టింది. టమాటాకు కూడా తోలు, గింజలు తీసి వండేది. అంత జాగ్రత్తగా చేసింది. ఎవరేమన్నా నేను ఈ మాట మాత్రం ఎక్కడైనా చెబుతాను.

మందులతో అన్న కాస్త తేరుకున్నాడు. ఒక సాయంత్రం బండి తుడుస్తున్న వదిన దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. తర్వాత ఆమె ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పిందో, నాకు కళ్లారా చూసినట్టే ఉంది.

"శకుంతలా, పిడికెడు పాప్‌కార్న్ పెట్టు. నాలిక సచ్చిపోయినాది."

"ధాన్యం వద్దన్నారు కదయ్యా."

"ఇదేం ధాన్యం? ధాన్యమంటే వడ్లు, రాగులు. కంకులు కూరగాయల బండి మీద కదా అమ్మేది."

"కూరగాయైతే తోలు తీసి ఉడకబెట్టమన్నారే."

"పేలినాక తోలు యాడుంటాది? పగిలిపోయె కదా. బొరుగులు తినొచ్చని ఆ పాపే చెప్పినాది. ఇదీ అట్లాంటిదే, సూడు, ఎంత తేలిగ్గా ఉండాదో."

వదిన ఒకటి తీసి వేళ్లతో నలిపి చూసిందట. దూదిలా ఉంది. మా ఇంటికొచ్చినప్పటి నుంచి గింజలు పేలుస్తూ బతికిన మనిషి. పేలిందల్లా తేలిక, తేలికైందల్లా రోగికి మంచిది. మా ఇళ్లలో జ్వరం వచ్చినా, కడుపు చెడినా బొరుగులే పెడతాం. గిన్నెలో కాసిని వేసి ఇచ్చింది. ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడూ ఏమీ కాలేదు. తర్వాత గిన్నె పెద్దదైంది. అన్న మొహంలో నవ్వు చూసి చాలా రోజులైందని నాతో చెప్పి మురిసిపోయింది పిచ్చిది.

ఆ వారం చివర్లో అన్న కడుపు కుండలా ఉబ్బింది. ఒకటే వాంతులు. ఆసుపత్రిలో పేగు మూసుకుపోయిందన్నారు. ఏం తిన్నాడని అడిగితే వదిన దాచకుండా చెప్పింది.

మోనిక అక్కడే నిలబడి ఉంది. "అమ్మా, బొరుగులు పొట్టు తీసిన బియ్యం. పాప్‌కార్న్ పొట్టుతో ఉండే గింజ. పేలినా పొట్టు పోదు, ముక్కలై ఆ పువ్వుకే అంటుకొని ఉంటాది. అది అరగదు" అంది.

"కంకి కూరగాయ కాదా అమ్మా?"

"గింజ పాలమీద ఉన్నప్పుడు లేతగా కోసి తింటే కూరగాయ అంటారు. ముదిరి ఎండినాక ధాన్యం. రెండూ ఆ గింజే. ఈయన పేగుకు రెండూ వద్దమ్మా."

"మరి అందరూ ఆరోగ్యానికి మంచిదంటారే" అని నేను మీదికి పోయాను. "ముందే మొక్కజొన్న అని పేరు పెట్టి చెప్పుంటే నీ సొమ్మేం పోయేది?"

"బాగున్నోళ్లకు ఆ పీచే మంచిదక్కా" అంది ఆ పిల్ల. కళ్లు తుడుచుకుంటూ, "పేరు పెట్టి చెప్పాల్సింది. పేగు ముందే అంత ఇరుగ్గా ఉండాది, దీనివల్లే అని కూడా చెప్పలేము" అంది. నా కోపానికి పోవడానికి చోటు లేకుండా పోయింది. వదిన ఆ చివరి మాట వినలేదు. ఎన్నిసార్లు చెప్పినా ఇప్పటికీ వినదు.

కోతకు లోపలికి తీసుకెళ్లేముందు అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "వనజా, మీ వదిన్ని ఏమీ అనొద్దు. నేనే అడిగినా" అన్నాడు. పేగు అప్పటికే చిల్లుపడి విషం పాకిపోయింది. కోసి శుభ్రం చేశారు గానీ మనిషి కళ్లు తెరవలేదు.

దినం నాడు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి కాకికి చూపించాలి. పెద్దమ్మ వడలు తెచ్చింది, ఇంకెవరో మైసూరుపాకు తెచ్చారు. పాప్‌కార్న్ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ ఇంట్లో ఆ పేరు పలకడానికి మాకందరికీ భయం. వదిన కనిపించకపోతే వెతుక్కుంటూ పెరట్లోకి పోయాను.

బండి మీది పొయ్యి వెలిగించి అప్పుడే దించినట్టుంది, మూకుడు ఇంకా వేడిగా ఉంది. వదిన నేలమీద కూర్చుని ఒళ్లో చేట పెట్టుకుంది. ఒక్కో పాప్‌కార్న్ వెలుతురుకు పట్టి చూస్తోంది. పువ్వు నడుమ అంటుకున్న పసుప్పచ్చ పొట్టును గోటితో గిల్లి తీసి, తెల్లటి మెత్తని భాగం మాత్రం విస్తరాకులో వేస్తోంది.

"ఏంది వదినా ఇది" అన్నాను.

"ఉండమ్మా, అయిపోవచ్చినాయి" అంది తలెత్తకుండా. "మీయన్నకు అరగదు."