ఒకే రోజు ఆరుగురు శ్రీకృష్ణలు

దర్శి బస్టాండు వెనక, ఎరువుల కొట్టు మేడ మీద రైతులతో పనిచేసే ఓ స్వచ్ఛంద సంస్థ ఆఫీసు. మెట్లెక్కుతుంటేనే పురుగుమందు వాసన తలకెక్కుతుంది. నివేదికలు దిద్దడానికి పందొమ్మిదేళ్లుగా ఎక్కుతున్న కామేశ్వరికి మాత్రం అది తెలియదు. ఆమె చేతిలో ఎప్పుడూ రెండు పెన్సిళ్లుంటాయి. నల్లది కొట్టేయడానికి, ఎర్రది అడగడానికి. ‘విశేషంగా’, ‘గణనీయంగా’ లాంటి మాటలు కనిపిస్తే నల్లది దానంతటదే కదులుతుందని కుర్రాళ్లు నవ్వుకుంటారు. చిలకలూరిపేటలో ఓ జిన్నింగు మిల్లులో పత్తి తూకాలు రాసిన మనిషి. తడిసిన పత్తి బరువెక్కువ తూగుతుందని ఆమెకు అప్పుడే తెలుసు.

ఆ ఏప్రిల్ ముప్ఫైన ఆమె బల్ల మీద నలభై మూడు పేజీల నివేదిక ఉంది. మిర్చిని మట్టి కళ్లంలో కాక టార్పాలిన్ పట్టాల మీద ఆరబెట్టించడం, తామర పురుగుకి నీలం జిగురు అట్టలు కట్టించడం, పన్నెండు ఊళ్లలో ఏడాది పని. డబ్బిచ్చిన బెంగళూరు ట్రస్టు వాళ్లకి నలభై మూడు పేజీలు అక్కర్లేదు. రెండు పేజీల్లో మూడు సంగతులు కావాలి. ఏం చేశారు, ఎందరికి అందింది, బడ్జెట్‌లో ఎంత ఖర్చయింది. సాయంత్రం అయిదు లోపు.

మొదటిది పావుగంటలో తేలింది. శిక్షణలు నలభై ఎనిమిది అనుకుంటే నలభై ఆరు జరిగాయి. పట్టాలు ఆరు వందలకి ఆరు వందలు. జిగురు అట్టలు ఎనిమిది వందల యాభై మందికి. మూడోదీ కుదిరింది. ముప్ఫై ఎనిమిది లక్షల అరవై వేలకి ముప్ఫై అయిదు లక్షల పన్నెండు వేల ఆరు వందలు, అంటే తొంభై ఒక్క శాతం. ఏ పద్దయినా పది శాతానికి మించి అటూ ఇటూ అయితే కారణం రాయాలి. పట్టా ధర పద్దెనిమిది వందల నుంచి రెండు వేల యాభైకి పెరగడంతో ఆ పద్దు పద్నాలుగు శాతం పైకి పోయింది. శిక్షణల పద్దు ఇరవై రెండు శాతం మిగిలింది.

"ఆ మిగిలిందాంట్లో జీపు డీజిలు సర్దెయ్యకూడదూ?" అన్నారు కార్యదర్శి గురునాథం, తలుపు దగ్గర నిలబడి.

"భోజనాలు ఊరివాళ్లే పెట్టారు కాబట్టి మిగిలింది. అదే రాశానండి."

ఆమెను నిలవనీయనిది రెండోది, ఎందరికి అన్నది. గురునాథం చిత్తులో మూడు వేల ఏడు వందల అరవై ఆరు అని ఉంది. శిక్షణల హాజరు, పట్టాలు, అట్టలు, మూడూ కలిపేశారు. మూడింటికీ వచ్చిన రైతు ముగ్గురయ్యాడు. ట్రస్టు ఫారం మీద మాత్రం ఒక మనిషిని ఒక్కసారే లెక్కించాలని స్పష్టంగా ఉంది.

కామేశ్వరి రైతుల భూమి పాస్ పుస్తకం నంబర్లు పెట్టి కంప్యూటర్లో పేర్లు జల్లించింది. ఒకే నంబరు ఎన్నిసార్లు వచ్చినా ఒక్కసారే. తెర మీద తేలిన అంకె చూసి లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. వెయ్యిన్నూట పద్దెనిమిది.

లక్ష్యం పదిహేను వందలు. అందులో ఎనభై శాతం, అంటే పన్నెండు వందలు దాటకపోతే రెండో ఏడాది సొమ్ము ఆపి సమీక్ష పెడతారు. ఆ సొమ్ములోనే ఆరుగురు ఫీల్డు వర్కర్ల జీతాలు, ఆమె జీతం.

షఫీక్‌ని పిలిచింది. ఆ ఆరుగురికీ పెద్ద అతనే.

"షఫీక్, ఈ శ్రీకృష్ణ ఎవరయ్యా? నవంబరు పద్నాలుగున, ఒకే శిక్షణకి, ఆరుసార్లు వచ్చాడు."

షఫీక్ నెత్తి గోక్కున్నాడు. "ఆయన ఒంగోల్లో ఉంటాడు మేడం. ఒక్కసారీ రాలేదు."

"మరి ఈ ఆరు సంతకాలు?"

"ఆయన చేను కౌలుకి చేసేవాళ్లు. ఆరుగురు."

"వాళ్ల పేర్లు రాయకుండా ఆయన పేరెందుకు రాశావ్?"

"మీరే కదా మేడం. పాస్ పుస్తకం నంబరు లేని పేరు రిజిస్టరులో కనపడకూడదన్నారు. వాళ్లకి పుస్తకం ఎక్కడిది? ఆసామి నంబరిచ్చారు. నంబరు ఆయనదైతే పేరూ ఆయనదే ఉండాలి కదా అని..."

నిజమే, ఆమే అంది. ఏడాది కిందట, దొంగ పేర్లు రాకుండా. దొంగల్ని ఆపబోయి దున్నేవాళ్లని చెరిపేసింది. కామేశ్వరి ఎర్ర పెన్సిలు పట్టుకుని దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక కిటికీ దాకా వెళ్లి వచ్చింది. కింద గుంటూరు యార్డుకెళ్లే లారీకి మిర్చి టిక్కీ బస్తాలు ఎత్తుతున్నారు.

టైము పదకొండున్నర.

"సంతకాల పక్కన ఫోను నంబర్లున్నాయిగా. పట్టు. నువ్వు సగం, నేను సగం. ఎవరికి వాళ్లు తమ పేరు చెబితేనే రాద్దాం."

కొందరు ఎత్తలేదు. కొందరు ఎత్తి, ఆసామి మాట రాగానే పెట్టేశారు. శ్రీకృష్ణ చేను చేసే వెంకటేశ్వరమ్మ మాత్రం నిలదీసింది.

"నా పేరు రాస్తే ఆ కాగితం ఆసామి చూస్తాడా?"

"మేము చూపించమమ్మా."

"ఎట్టాగో చూశాడనుకో. వచ్చే ఏడు నాకు చేనిస్తాడా?"

"అది నేను చెప్పలేనమ్మా."

"ఇస్తాడని బుకాయిస్తే పెట్టేద్దును. రాసుకో. ఇంటిపేరు కూడా రాయి, మా ఊళ్లో వెంకటేశ్వరమ్మలు నలుగురున్నారు."

నాలుగున్నరకి సొంత పేర్లు చెప్పినవాళ్లు సరిగ్గా వంద మంది. ఏనాడూ రాకుండా రిజిస్టరులో కూర్చున్న ఆసాములు ముప్ఫై ఒక్క మంది. వందని కలిపి, ముప్ఫై ఒకటిని తీసేసింది. వెయ్యిన్నూట ఎనభై ఏడు.

గురునాథం తెర మీదకి వంగి చూసి పైకే నవ్వారు. "పదమూడు తక్కువ! ఒక్క ఆటోలో పట్టే జనం కదమ్మా. పన్నెండు వందలని వేసెయ్, ఎవరెళ్లి లెక్కపెడతారు?"

"ఆ పదమూడుగురి పేర్లు చెప్పండి, వేస్తాను."

"ఆరు కుటుంబాలు కామేశ్వరీ!"

"ఏడండి. నాదీ ఉంది."

షఫీక్ గోడకేసి చూస్తున్నాడు. ఆమె 1,187 అని కొట్టి, కింద మూడు వాక్యాలు చేర్చింది. నమోదుకి మేం పెట్టుకున్న నియమం వల్ల కౌలు రైతులు భూయజమానుల పేర్ల కింద పడిపోయారు. ఫోనులో తమ పేరు చెప్పినవారినే కలిపాం. మిగిలినవారిని ఊళ్లకెళ్లి పోల్చుకోవాలి. నాలుగో వాక్యం ‘అయినప్పటికీ’ అని మొదలుపెట్టి, అది బతిమాలుతున్నట్టుందని చెరిపేసింది. అయిదుకి రెండు నిమిషాలుందనగా పంపింది.

పది రోజులకి ట్రస్టు నుంచి అమూల్య అనే అమ్మాయి ఫోను చేసింది. సొమ్ము ఇప్పుడు రాదండీ, నియమం నియమమే అంది. జూన్‌లో తనే వచ్చి చూస్తానంది. "మీరు కింద రాసిన మూడు వాక్యాలు మా మీటింగులో చదివాం. ఆ పేర్లు నాకు చూపించాలి మేడం." అందులో హామీ ఉందో లేదో కామేశ్వరి ఎంత వెతికినా తేల్చుకోలేకపోయింది.

జూన్ దాకా సగం జీతాలే ఇవ్వగలమన్నారు గురునాథం. కోపం తగ్గలేదు గానీ జీపు తాళాలు మాత్రం బల్ల మీద పెట్టారు.

మర్నాడు పొద్దున్నే కామేశ్వరి కొత్త రిజిస్టరు గీసింది. మొదటి గడి ‘సాగు చేసేది ఎవరు’. పాస్ పుస్తకం నంబరు చివరి గడి, దాని పక్కన ‘ఉంటే’ అని. శ్రీకృష్ణ చేని గట్టు మీద జీపు ఆగేసరికి వెంకటేశ్వరమ్మ మిర్చి మోళ్లు పీకిస్తోంది.

"ఫోన్లో చెప్పాగా, మళ్లీ ఎందుకొచ్చారు?"

"సంతకం కావాలమ్మా. మిగతా అయిదుగురివీ."

"ముగ్గురు పెడతారు. ఇద్దరు పెట్టరు, భయం." ఆమె చేతులు చీరకి తుడుచుకుని రిజిస్టరు లాక్కుంది. "వాళ్లనేం చేస్తావు?"

"పెట్టలేదని రాస్తాను," అంది కామేశ్వరి, పెన్ను అందిస్తూ.