గ్యాప్ చూడని ప్రశ్న

యానాం ఫరంపేటలోని నర్సింగ్‌హోమ్‌లో డ్యూటీ డాక్టరు జోసెఫిన్ ఆ ఊరి పిల్లే. ఎంబీబీఎస్ అయినప్పటి నుంచి ఏటా జనవరిలో పీజీ ఎంట్రెన్సు రాస్తూనే ఉంది. ర్యాంకు ఏటా కొంచెం మెరుగవుతుంది, సీటు మాత్రం రాదు. నర్సింగ్‌హోమ్ యజమాని డాక్టర్ వెంకటేశ్వరరావు గారు ఈసారి సూటిగా చెప్పేశారు. పరీక్ష రాస్తే రాయి, సీటు రాకపోతే మాత్రం ఐదేళ్లకు అగ్రిమెంటు మీద సంతకం పెట్టు, లేదంటే వేరే మనిషిని చూసుకుంటానని. ఆవిడ జీతం మీదే ఇల్లు నడుస్తోంది. జనరల్ మెడిసిన్ సీటు వస్తే స్టైపెండుతో బయటపడొచ్చు. రాకపోతే సెలైన్ సీసాల మధ్య ఐదేళ్లు.

రక్తంలో ఆమ్లం, క్షారం, లవణాల లెక్కలంటే అందరూ పుస్తకం మూసేసేవారు. జోసెఫిన్‌కి మాత్రం అవంటే ప్రాణం. తమాషా ఏమిటంటే ఆ పరీక్ష చేసే యంత్రం ఊళ్లోనే లేదు, ఎవరికైనా అవసరమైతే కాకినాడ పంపించాల్సిందే. ఆవిడ ఆ రిపోర్టుల్ని చూసిందంతా ప్రశ్నల్లోనే.

ఆదివారం మధ్యాహ్నాలు మెట్టకూరు నుంచి హౌస్‌సర్జన్ సత్యశ్రీ అదే పరీక్షకు చదువుకోవడానికి వచ్చేది. జోసెఫిన్ చెప్పే పద్ధతి ఒక్కటే, ఏ ప్రశ్నకైనా అదే వరస. ముందు పీహెచ్ చూసి ఆమ్లం వైపో క్షారం వైపో తేల్చాలి. ఆ మార్పు కార్బన్ డయాక్సైడు వల్ల వచ్చిందా, బైకార్బొనేటు వల్ల వచ్చిందా చూడాలి. రెండోది దానికి తగ్గట్టు సర్దుకుందో లేదో లెక్క కట్టాలి. ఆ తర్వాత, అవసరమనిపించినా అనిపించకపోయినా, సోడియంలోంచి క్లోరైడునూ బైకార్బొనేటునూ తీసేయాలి. అదే యానయాన్ గ్యాప్. పన్నెండు చుట్టుపక్కల ఉంటే సరే. పెరిగితే రక్తంలో ఆమ్లం చేరినట్టే, ఎంత పెరిగిందో బైకార్బొనేటు అంత తగ్గిందా అని పోల్చాలి.

సత్యశ్రీకి తొందరెక్కువ. ఆయాసపడుతున్న షుగర్ పేషెంటు ప్రశ్న చూడగానే జవాబు చెప్పేసేది. జోసెఫిన్ ఊరుకునేది కాదు, మళ్లీ మొదటి నుంచి చేయించేది. బైకార్బొనేటు పన్నెండు, ఒకటిన్నరతో హెచ్చవేసి ఎనిమిది కలిపితే ఇరవై ఆరు, కార్బన్ డయాక్సైడూ అంతే ఉంది, కాబట్టి ఊపిరితిత్తుల తప్పేమీ లేదు.

"అంకెలన్నీ నార్మల్‌గా ఉన్నాయని ఆగిపోకే. గ్యాప్ చూడకుండా పెన్ను కింద పెట్టకూడదు" అనేది.

పరీక్ష హైదరాబాదులో. ఇద్దరూ కాకినాడలో రైలెక్కి వెళ్లారు. హాల్లో జోసెఫిన్ తన పద్ధతికే బందీ అయింది. రెండు అంకెలు చూస్తే తేలిపోయే ప్రశ్నకు కూడా వరసంతా నడిపింది. అలవాటు అంత త్వరగా వదలదు కదా! తలెత్తేసరికి టైము దగ్గరపడింది, ఇంకా బోలెడు ప్రశ్నలున్నాయి. ఇక పైపైన చూసి గడులు నింపడం మొదలుపెట్టింది.

అప్పుడొచ్చింది ఆ ప్రశ్న. కిడ్నీలు పాడైన మనిషి, వాంతులు. పీహెచ్ ఏడు పాయింట్ నాలుగు, కార్బన్ డయాక్సైడు నలభై, బైకార్బొనేటు ఇరవై నాలుగు. మూడూ నిఖార్సైన నార్మల్. పక్కన సోడియం నూట నలభై అయిదు, క్లోరైడు తొంభై అయిదు అని ఉంది. అటు చూడలేదు. "ఏ లోపమూ లేదు" అన్న గడి నింపేసి ముందుకెళ్లిపోయింది.

తిరుగు రైల్లో సత్యశ్రీ ఆ ప్రశ్న గురించే మొదలుపెట్టింది. నీ మాట గుర్తొచ్చి తీసివేత వేశానక్కా, గ్యాప్ ఇరవై ఆరు వచ్చింది, అంటే ఆమ్లం పెరిగినట్టే, కానీ బైకార్బొనేటు తగ్గలేదు కాబట్టి వాంతులతో క్షారమూ పెరిగి ఒకదాన్నొకటి దాచేశాయి, రెండూ ఉన్నాయని పెట్టానంది. తను ఆ రెండు అంకెల వైపు చూడనేలేదని జోసెఫిన్‌కి అప్పుడు గుర్తొచ్చింది.

"అవును, అదే కరెక్టు" అంది.

అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు చస్తే, ఏమీ తెలియనమ్మ ఏకాదశి నాడు చచ్చిందట. ఫలితాలొచ్చాక సత్యశ్రీకి మెడిసిన్ సీటు దొరికింది. జోసెఫిన్ ర్యాంకుకు కొంచెం పైనే సీట్లు అయిపోయాయి. ఆ ఒక్క ప్రశ్న వల్లే పోయిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఆవిడ మాత్రం దానివల్లేనని నమ్మింది, ఆ నమ్మకం ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది. సంతకం పెట్టేసింది. వెంకటేశ్వరరావు గారు సంతోషించి డ్యూటీ రూముకు కొత్త ఫ్యాను బిగించారు.

వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం సత్యశ్రీ ఫోను చేసింది. వార్డులో ఒక ముసలాయన రిపోర్టు చేతిలో ఉంది, ఎటూ తేలడం లేదు, పెద్ద డాక్టరు రౌండ్సుకు వచ్చేస్తున్నారు. జోసెఫిన్ అంకెలు ఒక్కొక్కటే అడిగింది. కళ్లు మూసుకుని వరసంతా నడిపించింది. మధ్యలో అలవాటుగా అడిగింది.

"గ్యాప్ చూశావా?"

అవతల సత్యశ్రీ నవ్వింది.

"అదేంటక్కా, నీ దగ్గర నేర్చుకున్నవాళ్లు అది చూడకుండా ఉంటారా?"

జోసెఫిన్ మిగతా లెక్క పూర్తి చేయించి ఫోను పెట్టేసింది. చూడకుండా ఉంటారమ్మా, అనుకుంది. బయట జ్వరాల వాళ్లు బెంచీ నిండా కూర్చుని ఉన్నారు. తర్వాతి మనిషిని లోపలికి రమ్మని పిలిచింది.