మూడో రోజుకు ఒక వాక్యం

మా ఆసుపత్రిలో కొత్తగా చేరినవాళ్లకు ఒక పుస్తకం ఇస్తాం. ఉద్యోగుల నియమావళి. దాన్ని ఎవరూ చదవరు. బ్యాగులో పెట్టుకుని తీసుకెళ్లి ఇంట్లో బీరువా మీద పడేస్తారు. అందుకే మా హెచ్ఆర్ సార్ అందులోని మూడో అధ్యాయాన్ని, అంటే 'ఉద్యోగంలో మొదటి వారం' అన్న భాగాన్ని, వీడియోగా తీయించాలనుకున్నారు. స్క్రిప్టు పని నాకు అప్పగించారు. ఆఫీసులో నేను పెద్దగా మాట్లాడను. పుట్టినరోజు కార్డుల మీద రెండు మాటలు బాగా రాస్తానని మాత్రం అందరికీ తెలుసు.

"ఇది చదువుతుంటే కోర్టు నోటీసులా ఉందమ్మా. ఫ్రెండ్లీగా ఉండాలె. మీ ఇంటికి చుట్టాలొస్తే ఎట్ల మాట్లాడ్తవో అట్ల రాయి," అన్నారు సార్.

మా ఇంటికి చుట్టాలొస్తే నేను వంటింట్లో ఉండిపోతానని ఆయనకు చెప్పలేదు.

పేజీని రెండుగా విభజించుకున్నాను. ఎడమవైపు తెర మీద కనిపించేది, కుడివైపు వినిపించేది. రోజుకో నిమిషం. 'ఉద్యోగి నియామక తేదీన ధ్రువపత్రములతో హాజరు కావలెను' అన్నది 'మొదటి రోజు కంగారు పడకండి, గేటు దగ్గర సెక్యూరిటీ అన్నకు మీ పేరు చెప్పండి, ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు వెంట తెచ్చుకోండి' అని మారింది. రాసిన ప్రతి ముక్కనూ సెల్‌ఫోన్‌లో గడియారం పెట్టుకుని పైకి చదివేదాన్ని. ఎక్కడ ఊపిరి ఆడకపోతే అక్కడ వాక్యాన్ని విరిచేదాన్ని. పాత కాగితాల గదిలో తలుపు వేసుకుని ఒక్కదాన్నే అలా చదువుకోవడం నాకు నచ్చింది. ఇంటికెళ్లాక డైరీలో కూడా ఆ రోజుల్లో మొదటిసారి సంతోషంగా రాసుకున్నాను.

ఈమధ్యే చేరినవాళ్లను కలిసి, వాళ్ల మొదటి వారం ఎలా గడిచిందో అడిగి రాయమన్నారు సార్. ఆడవాళ్ల వార్డులో పనిచేసే ఆయమ్మ దగ్గరికి వెళ్లాను. వానాకాలంలో చేరింది. ఎవరితోనైనా గలగలా మాట్లాడే మనిషి.

"ఏం చెప్పాలె బిడ్డా, మొదటి దినం లిఫ్టుల చిక్కిన. పైకి పోతది, కిందికొస్తది, నేను దిగాల్సిన కాడ మాత్రం ఆగది. పేషెంటు తాలూకు ముసలాయన, 'ఏందమ్మా, సైర్ షికారు చేస్తున్నవా?' అనవట్టె!" అని నవ్వింది. తరువాత చెత్త సంచుల రంగుల గురించి చెప్పింది. పసుపు సంచిలో వేయాల్సిన దూది ఎర్ర సంచిలో వేసి సిస్టర్‌తో తిట్లు తిన్నదట. "రాత్రి కలల సుత సంచులే వచ్చినయి."

నేను రాసుకుంటున్నాను. మూడో రోజు ఏం జరిగిందని అడిగాను.

"మూడో దినం మా అమ్మ పోయింది," అంది.

అదే గొంతుతో చెప్పింది. వార్డులో ఫోను ఉండకూడదు కాబట్టి లాకర్‌లో పెట్టిందట. అన్నం వేళకు తీసి చూస్తే తమ్ముడివి వరసగా మిస్డ్ కాల్స్. బొల్లారంలో అమ్మ ప్రాణం పొద్దున్నే పోయింది.

"మరి వెళ్లలేదా ఆయమ్మా?"

"ఎట్ల పోతా? చేరిన్నాడే చదివి వినిపించిండ్రు గద, కొత్తోళ్లకు ఆరు నెలలు లీవు లేదని. సంతకం సుత పెట్టిన. పోతే నౌకరి పాయె అనుకున్న. డ్యూటీ దిగి పోయేసరికి పొద్దుగూకింది. శానసేపు చూసిండ్రంట నా కోసం. ఇగ ఉంచలేక తీస్కపోయిండ్రు." కొంగు దోపుకుని, "పూడ్చిన కాడ మన్ను చూసొచ్చిన," అంది.

నా చేతిలో మూడో అధ్యాయం ఉంది. ఆ నియమం నిజమే, మొదటి ఆరు నెలల ప్రొబేషన్‌లో మామూలు సెలవులు లేవు. కానీ దాని వెనక పేజీలోనే ఇంకొకటి ఉంది. దగ్గరి బంధువు మరణిస్తే నియామక తేదీ నుండే మూడు దినముల సెలవు, వార్డు ఇన్‌చార్జికి నోటిమాటగా తెలిపినా చాలు. చేరే రోజున మా ఆఫీసులో ముందు పేజీ మాత్రమే చదివి సంతకం తీసుకుంటారు. ఐడీ కార్డు ఫోటోల కోసం బయట వరస నిలబడి ఉంటుంది. పేజీ తిప్పే తీరిక ఎవరికీ ఉండదు.

ఆ మాట ఆమెకు అప్పుడు చెప్పలేదు. కాగితాలు మడిచి లేచాను.

స్క్రిప్టులో మూడో రోజు కింద రాశాను. 'ఇంట్లో ఎవరైనా పోతే, మీరు నిన్ననే చేరినా సరే, సెలవు ఉంటుంది. వార్డు సిస్టర్‌కు ఒక్క మాట చెప్పి వెళ్లండి.'

సార్ చదివి నొసలు చిట్లించారు. "వెల్‌కమ్ వీడియోల చావు ముచ్చట ఎందుకమ్మా? బుక్కులో ఉన్నది కదా."

"బుక్కు ఎవరూ చదవరనే కదా సార్ ఈ వీడియో," అన్నాను. ఆయనకు అంత గట్టిగా నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు.

ఆయన కాగితం నాకు తిరిగిచ్చారు. "సరే, ఉంచు. కానీ నవ్వు మొఖం ఉన్న మనిషితో చెప్పిద్దాం. ఆ ఆడవాళ్ల వార్డు ఆయమ్మ ఉంది చూడు, ఆమె అయితే మస్తుంటది."

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఆ వాక్యం తీసేస్తే రేపు చేరే ఇంకొకరు ఇలాగే లాకర్ ముందు నిలబడతారు. ఉంచితే ఆయమ్మకు తెలిసిపోతుంది. కెమెరా ముందు తెలియడం కంటే నేను చెప్పడమే నయమనిపించింది.

మర్నాడు ఆయమ్మ దుప్పట్లు మడతపెడుతుంటే వెళ్లి చెప్పాను. ఆమె మడత ఆపలేదు. దుప్పటి అంచులు కలిపి, చేత్తో సాపు చేసి, దొంతర మీద పెట్టింది.

"అంటే అడిగితే పంపేటోళ్లా?"

"అవును ఆయమ్మా."

"ఎవర్ని అడగాలె?"

"సిస్టర్‌ని."

"సిస్టర్ ఆ దినం నా పక్కనే ఉండె," అంది. ఇంకో దుప్పటి తీసుకుంది. "పక్కనే ఉండె బిడ్డా. సెలైన్ బాటిల్ మారుస్తుండె."

కెమెరా ముందు చెప్పనంది. చెప్పేటప్పుడు అమ్మ యాదికొస్తదంది. అలాగైతే వాక్యం తీసేద్దామా అని నేనే అడిగాను. "తియ్యకు. వేరేటోళ్లతోని చెప్పించు," అంది. దొంతర ఎత్తుకుని లోపలికి వెళ్లింది.

చివరికి ఆ మాట సిస్టరే చెప్పింది. షూటింగు వార్డు బయట వసారాలో జరిగింది. నేను రాసిన వాక్యాన్ని రెండుసార్లు మనసులో చదువుకుని, కెమెరా వైపు చూసి, చివర తనంతట తాను ఒక మాట కలిపింది. "భయపడకండి, నా దగ్గరికి రండి." సార్‌కు అది బాగా నచ్చింది. ఒక్క టేకులోనే ముగిసింది.

లైట్లు తీసేస్తుంటే సిస్టర్ నన్ను పక్కకు పిలిచింది. ఎవరో ఆమెకు విషయం చెప్పినట్టున్నారు.

"ఆవిడ నాకెందుకు చెప్పలేదమ్మా? నేనంత కోపిష్టిదాన్నా?"

కాదండీ అన్నాను. ఆమె నమ్మలేదు. ఎర్ర సంచిలో పడిన దూది గురించి ఆ వారంలో తానేమన్నదో గుర్తు చేసుకుంటూ నిలబడింది.

ఇప్పుడు సోమవారాల్లో కొత్తవాళ్లు మెత్తటి కుర్చీల్లో కూర్చుని వీడియో చూస్తారు. లిఫ్టు దగ్గర నవ్వుతారు, అది ఆయమ్మ చెప్పిన ముచ్చటే. మూడో రోజు వచ్చినప్పుడు గది కాస్త నిశ్శబ్దమవుతుంది, వెంటనే నాలుగో రోజు సంగీతం మొదలవుతుంది. పోయిన నెలలో చేరిన ఒక అమ్మాయి తాతగారు పోతే సిస్టర్‌తో చెప్పి తిరుమలగిరి వెళ్లి వచ్చింది. ఆ సంగతి చెబితే ఆయమ్మ సంతోషిస్తుందనుకున్నాను.

"మంచిగైంది," అంది. తలుపు వైపు తిరిగి, "మంచిగైంది బిడ్డా," అని మళ్లీ అని బండి తోసుకుంటూ వెళ్లిపోయింది. నాతో ఇదివరకులా మాట్లాడదు. కనిపిస్తే తలూపుతుంది. నేను చెప్పకపోయి ఉంటే, లీవు దొరకలేదన్న బాధ ఒక్కటే ఆమెకు మిగిలేది, అడిగితే దొరికేదన్న బాధ ఉండేది కాదు.