నెగటివ్ మీద పెన్సిలు గీత

మద్రాసులో ఆనర్సు చదువుకు మా తిరుపతి కాలేజీ నుంచి ఒక్కరినే సిఫారసు చేస్తామన్నారు. పోటీలో మిగిలింది నేనూ, నా ప్రాణస్నేహితుడూ. మా లెక్కల మాస్టారు బోర్డు మీద ప్రశ్న రాసి, గంట కొట్టగానే తుడిచేసేవారు. మరుసటి దినం జవాబు ఇవ్వాలి. మా ఇద్దరిలో ఒకరిని తేల్చే ప్రశ్న ఇచ్చిన పూట నేను ఇంట్లో చలిజ్వరంతో మూలుగుతున్నాను.

స్నేహితుడు కిటికీ గట్టు మీద పెట్టె కెమెరా పెట్టి బోర్డును ఫోటో తీశాడు. కొండ కింద వాళ్ల మామ స్టూడియోలో తనే కడిగి, సాయంత్రానికల్లా తెచ్చిచ్చాడు. మా అమ్మ పొంగిపోయి సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టింది. మారు అడిగి మరీ తిన్నాడు.

ఫోటోలో ఉన్నది ఒకటి ప్లస్ ఎక్స్‌కు లాగరిథమ్. టేలర్ శ్రేణి రాయాలి, నాలుగు పదాల దగ్గర ఆపాలి, ఎక్స్ అర అయినప్పుడు ఎంత తప్పు మిగులుతుందో చెప్పాలి. నాకు కొట్టిన పిండి. పదాల గుర్తులు ప్లస్సు, మైనస్సు మారుతూ వస్తాయి, పదాలు చిన్నవవుతూ పోతాయి. కాబట్టి తప్పు అయిదో పదాన్ని దాటదు. నూట అరవయ్యో వంతు కన్నా తక్కువ అని రాసి, జ్వరంలోనే కాగితం పంపాను.

మాస్టారు కాగితం వెనక్కి ఇచ్చారు. “ప్రశ్నే తప్పు రాసుకున్నావు గదప్పా! నేనిచ్చింది ఒకటి మైనస్ ఎక్స్. అన్ని పదాలూ మైనస్సే. ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, పేరుకుంటాయి. అయిదో పదం ఒక్కటే చాలదు. తర్వాతవి ఒక్కోటీ ముందుదాంట్లో సగం కన్నా తక్కువే కాబట్టి, దాన్ని రెట్టింపు చేసి ఎనభయ్యో వంతు లోపల అనాల.”

స్నేహితుడు అట్లాగే రాశాడు. సిఫారసు అతనికే వచ్చింది. “సుద్ద మరకేమో అప్పా, ఫోటోలో గీత మాదిరి పడిండాది” అని నా భుజం తట్టాడు. నమ్మాను.

తర్వాత వాళ్ల మామ నన్ను చూసి, “మీ బోర్డు నెగటివ్ ఈడే ఉండాది, తీసకపో” అన్నాడు. వెలుతురులో వాల్చి చూశాను. మైనస్ గుర్తుకు అడ్డంగా, నిటారుగా, మెరుస్తూ పెన్సిలు గీత. గుండు కొట్టించుకున్న యాత్రికుల మొహాల మీద అమ్మోరి మచ్చలను స్టూడియోవాళ్లు పూడ్చేది అట్లాగే. నెగటివ్ మీద పెన్సిలు ముట్టిస్తే అచ్చులో తెల్లగా పడుతుంది, అచ్చం సుద్దలాగా. ఆ పని మామ దగ్గర నేర్చుకున్నవాడు మాలో ఒక్కడే. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయి. ఒళ్లు మండిపోయింది. నా అంతట నేనే తప్పు రాసి ఓడిపోయుంటే ఇంత ఏడ్చేవాణ్ణి కాదు.

అమ్మకు చెప్పలేదు. అతను మద్రాసుకు పోయే దినం ఆమె చిత్రాన్నం మూట కట్టి నాకే ఇచ్చింది. స్టేషన్‌లో దాన్ని అతని చేతిలో పెట్టాను.

“మా అమ్మ ఇచ్చింది. లోపల నెగటివ్ గూడా పెట్టినాను” అన్నాను.

అతను తల దించుకున్నాడు. ఏ నెగటివ్ అని అడగలేదు.