చేతుల వరకే ఒప్పందం

బేరం ఎలా చెయ్యాలో అమ్మ నాకు కలకత్తా ఖిదిర్‌పూర్ బజార్లో నేర్పింది. ధర అడగాలి, మొహం చిట్లించాలి, సంచీ భుజానికెత్తుకుని నడక మొదలుపెట్టాలి. వెనకనుంచి పిలుస్తారు. పిలవకపోతే ఆ సరుకు మనకక్కర్లేదు.

న్యూ టౌన్‌లో, మా ఆఫీసు కింది కాఫీ షాపులో కూడా అదే చేశాను. ఎదురుగా కూర్చున్నది వంటల వీడియోలు పెట్టే బెంగాలీ అమ్మాయి. ఊళ్ళో తిండి గురించి ఆమె ఏం చెబితే అది జనం కొనుక్కుంటారు. మా పొడుల గురించి ఒక రీల్ చెయ్యమని అడగడానికి పిలిచాను. ఆమె పదిహేను వేలంది. "అంత మా వల్ల కాదు" అని లేచి తలుపు దాకా వెళ్ళాను. పిలుపు రాలేదు. తిరిగి చూస్తే తాపీగా కాఫీ తాగుతోంది. ఇంకేం చేస్తాను, గొడుగు మర్చిపోయినదానిలా వెనక్కొచ్చి మళ్ళీ కూర్చున్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది, అయినా నవ్వాను. ఆఫీసులో తొమ్మిది గంటలు అలా నవ్వీ నవ్వీ అలవాటైపోయింది.

మా వ్యాపారం అంటే పెద్దగా ఏమీ లేదు. అమ్మ కందిపొడి, నువ్వుల కారం చేస్తుంది. మొదట మా ఆఫీసులో తెలుగువాళ్ళు కొన్నారు. వాళ్ళ పక్క ఫ్లాట్ల బెంగాలీలు రుచి చూసి వాళ్ళూ అడిగారు. ఒక పేరు పెట్టి, సీసాలకి లేబుళ్ళు వేయించి, ఒక పేజీ తెరిచాను. మిక్సీ రెండుసార్లు కాలిపోయింది. పొడి పట్టే మిషను కొందామని ముప్పై వేలు దాచాం. ఆ ముప్పై వేలే ఇప్పుడు నా బ్యాగులో ఉన్న ధైర్యం. దసరా పూజో లోపల ఆర్డర్లు పెరిగితే మిషను అదే వస్తుందని నా లెక్క. అమ్మకి ఆ లెక్క మీద నమ్మకం లేదు. దంచి దంచి వచ్చిన భుజం నొప్పి ఆమెది కదా.

డబ్బుకి బదులు పొడులిస్తామని కూడా అడిగాను. "దీదీ, మా ఇంటి ఓనరుకి అద్దె కింద కందిపొడి ఇస్తే తీసుకోడు" అంది ఆమె. కోపంగా అనలేదు. రోజూ ఎవరో ఒకరికి చెప్పే మాటలా అంది.

పదిహేను వేలకి ఏమేం వస్తాయో వరసగా చెప్పింది. ఒక రీల్, లింకుతో రెండు స్టోరీలు. పెట్టే ముందు మాకు చూపిస్తుంది, ఒకసారి మార్పులు చెబితే ఊరికే చేస్తుంది, రెండోసారికి డబ్బు. సగం ముందు, సగం పెట్టాక. డబ్బు తీసుకుని చేసిన వీడియో అని దానిమీద కనబడేలా ఉంటుంది, అది తీసెయ్యమని అడగొద్దు. రెండు వారాలు వేరేవాళ్ళ పొడుల గురించి మాట్లాడదు. నేను మూడు నెలలు మాట్లాడొద్దన్నాను. "మూడు నెలలు నన్ను ఇంట్లో కూర్చోబెట్టాలంటే ఆ మూడు నెలల డబ్బూ మీరే ఇవ్వాలి" అంది. రెండు వారాలకే సరే అన్నాను.

అంతా అయ్యాక, ఆ వీడియోని పూజో అయ్యేదాకా, మూడు నెలలు, యాడ్‌గా నడుపుతామన్నాను.

"యాడ్‌కి వేరే. నెలకి ఐదు వేలు."

"డబ్బిచ్చి చేయించుకున్న వీడియో మాది కాదా?"

"కాదు దీదీ. మీరు కొన్నది నా పేజీలో ఒక పోస్టు. మీ పేజీలో పంచుకోండి, నేనేమీ అనను. కానీ డబ్బు పెట్టి నా మొహాన్ని ఊరంతా తిప్పుతానంటే, ఎన్నాళ్ళు తిప్పుతారో చెప్పి తిప్పాలి. ఒకసారి ఒకరికి గడువు రాయకుండా ఇచ్చాను. ఇప్పటికీ నన్నడక్కుండా తిరుగుతోంది అది."

మూడు నెలలకి పదిహేను. ముందు పదిహేనుతో కలిపితే మిషను పోయినట్టే. ఇంట్లో అడిగి చెబుతానన్నాను. అడగడానికి ముందు ఆమే మా ఇంటికొచ్చి రుచి చూస్తానంది. తిననిదాని గురించి మాట్లాడదట. ఆ మాట మాత్రం నాకు నచ్చింది.

ఆదివారం వస్తుందనగానే అమ్మ ఇల్లంతా కడిగింది. మాది మునిసిపాలిటీ క్వార్టర్. నాన్న పోయాక ఆయన ఉద్యోగం అమ్మకొచ్చింది. తెల్లవారకముందే వెళ్ళి వీధులు ఊడ్చి, ఇళ్ళముందు చెత్త ఎత్తి, మధ్యాహ్నానికి వస్తుంది. మేకుకి తగిలించి ఉండే పని కోటు ఆ రోజు మేకు మీద లేదు. పెట్టెలో పెట్టి తాళం వేసింది. మునిసిపాలిటీవాళ్ళు ఏటేటా ఇచ్చే చేతి తొడుగుల ప్యాకెట్లు మంచం కింద ఉండేవి. చెయ్యి ఉడికిపోతుందని ఒక్కరోజూ వేసుకోలేదు, కొన్నింటికి చింపని కవరు అలాగే ఉంది. వాటిని ఇంకా లోపలికి తోసేసింది.

ఆ అమ్మాయి కింద కూర్చుని, వేడన్నంలో కందిపొడి, నెయ్యి కలుపుకుని తింది. మళ్ళీ పెట్టించుకుంది. అమ్మ మూకుట్లో నువ్వులు వేయిస్తుంటే పక్కకెళ్ళి చాలాసేపు చూసింది. తర్వాత నాతో అంది, "నా మొహం ఎందుకు దీదీ ఇందులో? మీ అమ్మగారిని, ఈ మాషీమాని చూపిద్దాం. ఇక్కడే, ఈ పొయ్యి దగ్గర. మాషీమా మాట్లాడితే యాడ్ వాడకం మూడు నెలలూ ఊరికే ఇస్తాను."

పదిహేను వేలు మిగులుతాయి. ఇంకొంచెం కూడబెడితే మిషను. అమ్మ వైపు చూశాను. అమ్మకి బెంగాలీ నాకంటే బాగా వచ్చు. కానీ నాతో తెలుగులోనే అంది.

"నా మొకం వొద్దని సెప్పు."

"ఏటమ్మా, ఊరికే ఇత్తానంటంది కదా."

"ఇత్తే ఇచ్చింది. వొద్దు."

"సిగ్గా?"

అమ్మ గరిట ఆపలేదు. "సిగ్గేటే, ఈ వయసులో. నానూడిసే ఈదిలో మూడంతస్తుల ఇల్లుంది సూడు, పోయిన నెల ఆల చెత్తలో మన సీసా సూసినాను. అడుగంటా గోకి తినేసినారు. నున్నగుంది. ఆల కోడలు రోజూ నాకు చెత్త డబ్బా ఇచ్చీటప్పుడు ముక్కు మూసుకుంతాది. ఆయమ్మ పోనులో నా మొకం కనబడిందనుకో. మల్లీ కొంతాదేటి? కొన్నదాన్ని కక్కుతాది."

మా సీసా ఖాళీ అయి తనకే దొరికిందని అమ్మ నెల రోజులుగా ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. ఆ సంతోషం కూడా ఒంటరిగానే అనుభవించింది. యాడ్ ఏ పేటలకి వెళ్ళాలో నేనే ఎంచుకోవచ్చు, ఆ పేటని తప్పించవచ్చు. అది చెబుదామనుకుని ఊరుకున్నాను. కొనేవాళ్ళు అక్కడే ఉన్నారు. పైగా ఆ అమ్మాయి పేజీకి గోడలు లేవు.

ఆ అమ్మాయి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. "అమ్మకి కెమెరా అంటే మొహమాటం. చేతులైతే తీసుకోండి" అన్నాను. మొహం లేకపోతే యాడ్ ఊరికే ఇవ్వలేనంది. అప్పుడు మొదలైంది అసలు బేరం. అప్పటిదాకా నేను ఎక్కువ రోజులు, ఎక్కువ చోట్ల అని అడుగుతూ వచ్చాను. ఇప్పుడు తక్కువ అడగాలి. యాడ్ ఒక్క నెల చాలు. అమ్మ మొహం రీల్లోనూ, స్టోరీల్లోనూ, ‘తెర వెనక వంట’ అని తర్వాతెప్పుడో పెట్టే ముక్కల్లోనూ ఉండకూడదు. పొరపాటున పడిన ముక్కలు చెరిపెయ్యాలి. ఆమె అన్నిటికీ సరేనంది. "వాడకం తగ్గించమని అడిగిన మొదటి కంపెనీ మీదే" అని నవ్వింది. కంపెనీ అన్న మాటకి అమ్మ కూడా నవ్వింది. మొత్తం ఇరవై వేలకి ఒప్పుకున్నాం, ఫోన్‌లోనే రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం.

రీల్ చూడమని పంపింది. బాగుంది. కానీ కందిపొడి పేరు తప్పు పలికింది, సీసా ధర తప్పు పడింది. ఆ రెండూ వెంటనే రాసి పంపాను. ఊరికే చేసే ఒక్క మార్పు దానితో అయిపోయింది. సరిచేసి పంపినది ఆ సాయంత్రం అమ్మకి చూపించాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ దూరంగా పట్టుకుని చూసింది. నువ్వులు చిటపటలాడుతున్నాయి, అమ్మ చెయ్యి కలియబెడుతోంది. కెమెరా మెల్లగా మణికట్టు దగ్గరకొచ్చి ఆగింది. అక్కడ అమ్మకి పచ్చబొట్టు ఉంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ పొడిపించిన తేలు. తోక వంకర తిరిగి బొటనవేలు దాకా వస్తుంది. ఆ అమ్మాయికి అది ఎంతో నచ్చినట్టుంది, చాలాసేపు దాని మీదే ఉంచింది.

చేతులు తీసుకోమన్నది నేనే. పచ్చబొట్టు నాకు కొత్త కాదు కనక నాకు కనబడనే లేదు.

"ఆ ముక్క తీయించేత్తానమ్మా" అన్నాను.

"డబ్బడుగుతాది కదా."

"అడిగితే ఇద్దాం."

"ఇరవై పోసినావు. ఇంక పొయ్యకు. బాగుంది, ఉండనీ" అని ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికెళ్ళిపోయింది. నేనూ అలిసిపోయి ఉన్నాను. బాగుందంటోందిగా అనుకున్నాను.

రీల్ బాగా నడిచింది. ఆర్డర్లు వచ్చాయి, నేను అనుకున్నన్ని కాదు కానీ వచ్చాయి. కింద ఎవరో రాశారు, ఈ చేతులకి దణ్ణం పెట్టాలి అని. బెంగాలీలో ఉన్నదాన్ని అమ్మకి చదివి వినిపించాను. "మంచిదే" అంది.

మర్నాడు తెల్లవారుజామున చప్పుడుకి లేచాను. అమ్మ మంచం కింద దూరి ప్యాకెట్లు లాగుతోంది. ఒకటి చింపి, చేతి తొడుగులు తీసి వేసుకుంది. మణికట్టు దాటి ఇంకా పైకి లాగి, కోటు చెయ్యి దానిమీదకి దించి గుండీ పెట్టుకుంది. నన్ను చూసి, "ఆ కోడలు డబ్బా ఇచ్చీటప్పుడు నా సెయ్యే కదా సూసీది" అంది. చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ నెలంతా వేసుకుంది. ఆ ఉక్కలో ఇంటికొచ్చి తొడుగులు విప్పితే అరచేతులు తెల్లగా నాని, ముడతలు పడి ఉండేవి. ఆ చేతులతోనే మళ్ళీ నువ్వులు వేయించేది. గడువు అయిపోయిన రోజున నేను యాడ్ ఆపేశాను. ఆ రాత్రే చెప్పాను.

"అయిపోయిందమ్మా. యాడ్ ఆపేసినాను. రేపట్నించీ ఏసుకోకు."

అమ్మ తొడుగులు ఉతికి తీగ మీద ఆరేస్తోంది. "ఆ పిల్ల పేజీలో ఉంతాదా?"

"అది ఉంతాదమ్మా. అది ఆమెది."

"ఎన్నాళ్ళుంతాది?"

దానికి గడువు రాసుకోలేదు. అమ్మ ఆ రెండు తొడుగులకీ గాలికి ఎగిరిపోకుండా క్లిప్పులు పెట్టింది.