అక్క గీసిన అగ్నిపర్వతం

అక్క బీఎస్సీ జియాలజీ రెండో ఏడులో ఉండగా చూపు మసకబారింది. ఆఖరి ఏడుకి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలిసేది కాదు. డాక్టరు ఇక మందు లేదన్నాడు. అయినా చదువు మానలేదు. అప్పుడు మేం విజయవాడ వన్ టౌన్‌లో ఒక మిరపకాయల గోడౌను పైన ఉండేవాళ్లం. నేను పదో తరగతి. సాయంత్రాలు అక్కకి పాఠాలు చదివి వినిపించేదాన్ని.

భూమి పలకల పాఠం అప్పుడే సిలబస్‌లోకి కొత్తగా వచ్చింది. కాలేజీ లెక్చరర్ గారు ఇంటికొచ్చి పుస్తకంలోని బొమ్మను మాటల్లో చెప్పేవారు. ఎడమవైపు సముద్రపు పలక, కుడివైపు ఖండపు పలక. మొదటిది రెండోదాని కిందికి ఏటవాలుగా దిగుతుంది. కలిసేచోట లోతైన అగాధం. దిగే పలక వెంట భూకంపాలు పుట్టే చోట్లు, ఖండం లోపలికి వెళ్లేకొద్దీ మరింత లోతున. కింద కరిగిన రాయి పైకొచ్చి ఖండం మీద అగ్నిపర్వతాలవుతుంది. అక్క అదంతా అప్పజెప్పేది.

కానీ పరీక్షలో బొమ్మ మార్కులు గీస్తేనే ఇస్తారనీ, రాసిపెట్టే మనిషి గీయకూడదనీ లెక్చరర్ గారు చెప్పారు.

"నేనే గీస్తానండీ," అంది అక్క.

ఇంట్లో రాసుకునే పలక మీద, నేను చెయ్యి పట్టుకుంటే, బాగానే వచ్చేది. పరీక్షలో అక్క చెబుతుంటే రాసేదాన్ని నేనే. ఇన్విజిలేటర్ మా పక్కనే నుంచున్నాడు. హిమాలయాల్లో భూకంపాలున్నా అగ్నిపర్వతాలు ఎందుకు లేవన్న ప్రశ్నకి, రెండూ ఖండపు పలకలే, ఏదీ లోతుకు మునగదని అక్క తడుముకోకుండా చెప్పింది. తర్వాత పెన్సిల్ అడిగింది.

పలకలు సరిగ్గానే గీసింది. పెన్సిల్ ఎత్తి మళ్లీ పెట్టేసరికి చోటు తప్పింది. అగ్నిపర్వతం సముద్రం మీద లేచింది. తనకది తెలియదు. వేలితో చూపిస్తూ, ఇక్కడ అగాధం అని రాయి, ఇక్కడ భూకంపం పుట్టే ఫోకస్, దానికి నేరుగా పైన నేల మీద ఎపిసెంటర్ అంటోంది. తను చూపించిన చోటే రాశాను. ఫోకస్ నీళ్లలో పడింది. ఎపిసెంటర్ ఆకాశంలో. ఇన్విజిలేటర్ కూడా చూసి, తల పక్కకి తిప్పుకున్నాడు.

బయటికొచ్చాక రిక్షాలో అక్క నా చెయ్యి పట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది.

"కొండ నేల మీదే వచ్చిందా?"

తన చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను.

"సముద్రంలో పడిందా?"

"ఆఁ, అక్కా."

ఇల్లు చేరగానే మిగతా పేపర్లకి వెళ్లనంది. నాన్న బతిమాలాడు, లెక్చరర్ గారు రెండుసార్లు వచ్చారు. లాభం లేకపోయింది. మర్నాడు సాయంత్రం అలవాటుగా పుస్తకం తీసుకుని పక్కన కూర్చున్నాను.

"వద్దులేవే. నీ పాఠం చదువుకో," అని అటువైపు తిరిగి పడుకుంది.