నాన్న దింపిన సినిమాలు

మా నాన్న పోయారు. గజపతినగరంలో మా కిరాణా కొట్టు తెలిసినవాళ్ళకి ఈపాటికి కబురు అందే ఉంటుంది. ఉదయాన్నే తలుపులు తీసి, పప్పుల డబ్బాలు తుడుస్తూ కూలబడ్డారట. విజయనగరంలో ఆఫీసుకి బయల్దేరుతున్న నాకు అమ్మ ఫోన్ చేసి, "నాన్న లెగట్లేదురా" అంది. అలాగే బస్సెక్కేశాను. చెప్పులు వేసుకున్నానో లేదో కూడా గుర్తులేదు.

కొట్టులో గల్లాపెట్టె పక్కన ఒక కంప్యూటర్ ఉండేది. నా చదువు కోసం కొన్నది. నేను ఉద్యోగానికి వెళ్ళిపోయాక నాన్న దాన్ని సొంతం చేసుకున్నారు. మానిటర్ మీద ఎప్పుడూ ఒక తువ్వాలు కప్పి ఉంచేవారు. లోపల ఏం నడుస్తోందో నేనెప్పుడూ పట్టించుకోలేదు. సరుకుల జాబితాలు రాసుకుంటున్నారనుకున్నాను.

నాన్న పోయిన ఐదో రోజున ఆ తువ్వాలు తీశాను. పెద్దకర్మకి ఫోటో కావాలి. చుట్టాల ఫోన్లలో వెతికి పోగేసిన ఫోటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఒకటి బాగుచేద్దామనుకున్నాను. చోటు లేదంది. ఫైళ్ళు దాచే డిస్కు వేరుగా ఉంది, అది ఎంత నిండిందో చూపే గీత ఎర్రగా చివరిదాకా ఉంది. తెరిచి చూస్తే ఏముంది, ఏళ్ళ తరబడి నెట్ నుంచి దింపిన సినిమాలు! వందల్లో ఉన్నాయి. ఫోల్డర్ల మీద సినిమా పేర్లు లేవు. ఇంగ్లీషు అక్షరాల్లో మనుషుల పేర్లు ఉన్నాయి: పాలాయన, బస్టాండు టైలరు, పోస్టాఫీసు మేడం, అల్లుడు. ఎవరు అడిగితే వాళ్ళ పేరున పెట్టేవారన్నమాట. ఊళ్ళోవాళ్ళు సరుకుల చీటీతో పాటు మెమరీ కార్డు కూడా ఇచ్చి వెళ్ళేవారని, పప్పు కట్టేలోపు నాన్న సినిమా ఎక్కించి ఇచ్చేవారని మా చెల్లి చెప్పింది. పైసా తీసుకోలేదట. తీసుకోకపోయినా తప్పు తప్పే. ఎవరో కష్టపడి తీసిన సినిమాలు అవి. ఆ మాట నాన్నతో అని ఉంటే ఏమనేవారో తెలీదు, అనే అవకాశం దాటిపోయింది.

ఆ పనిలో కూడా ఆయన కిరాణా కొట్టు మనిషే. ఫైలు దిగేముందు దాని బరువు చూసేవారట. "ఇంత తేలిగ్గా సినిమా ఉండదమ్మా, ఇది దొంగ సరుకు" అని చెల్లికి చూపించేవారట. అది నిజం. సినిమా బొమ్మ పెట్టుకుని వచ్చే చిన్న ఫైళ్ళు చాలావరకు వైరస్‌లే. నాలుగు జీబీ దాటిన ఫైలు చిన్న కార్డుల్లో పట్టదని తెలుసుకుని, అంతకంటే తక్కువవే దింపేవారు. సినిమా పూర్తిగా దిగాక కూడా, దాన్ని దింపే టోరెంటు ప్రోగ్రాం ఆపేవారు కాదు. ఎందుకని చెల్లి అడిగితే, "మనకి పదిమంది తలో ముక్కా ఇస్తేనే వచ్చినాదమ్మా. మనం కూడా ఇయ్యాలి కదేటి" అన్నారట.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. ఆ రోజు నాకు కనిపించింది చోటు లేకపోవడం ఒక్కటే. 'అల్లుడు' ఫోల్డరు చూశాను. మా బావకి ఫైటింగులంటే పిచ్చి. ఇవి పోతే ఎవరికి నష్టం అనుకుని, చెత్తబుట్టలోకి కూడా వెళ్ళకుండా షిఫ్టు నొక్కిపెట్టి డిలీట్ కొట్టేశాను. కంప్యూటర్ నత్తనడక నడుస్తోంటే ఆపి మళ్ళీ వేశాను.

అప్పుడు వచ్చింది అమ్మ.

"ఆధార్ కార్డు బొమ్మలాటిది ఎట్టకురా. అందులో ఆయన ఆయన్లా నేరు. సెల్లి పెళ్ళి వీడియోలో నవ్వేరు సూడు, అది తియ్యి. గొంతు కూడా ఉన్నాది అందులో."

నిజమే. నాన్న ఎప్పుడూ ఫోటో తీసేవైపే ఉండేవారు. కదిలే బొమ్మలో ఆయన దొరికింది ఆ పెళ్ళిలో ఒక్కసారే.

"ఆ సీడీలు ఏవమ్మా?"

"బూజట్టి పోనాయి. మీ బావ అడిగినాడని ముందే కంప్యూటర్లో ఎక్కించీసినారు."

బావ అడిగాడు. అంటే బావ పేరున పెట్టి ఉంటారు. నేను ఇప్పుడే చెరిపేసిన ఫోల్డరు అదే. అమ్మకి చెప్పే ధైర్యం లేదు.

తెర వైపు తిరిగేసరికి ఒక మూలన టోరెంటు కిటికీ తెరుచుకుని ఉంది. కంప్యూటర్ వెయ్యగానే దానంతటదే మొదలయ్యేలా నాన్న పెట్టుకున్నారు. చోటు చాలక సగంలో ఆగిపోయిన సినిమా ఒకటి, నేను ఖాళీ చేసిన చోటు చూసుకుని మళ్ళీ దిగుతోంది. యాభై ఎనిమిది శాతం. యాభై తొమ్మిది. డిలీట్ చేసిన ఫైలు వెంటనే చెరిగిపోదు. దాని చోటు ఖాళీ అని గుర్తు మాత్రమే పడుతుంది. ఆ చోట కొత్తది రాస్తేనే పాతది పోతుంది. అంటే నా కళ్ళ ముందే మా నాన్న మీద ఏదో సినిమా రాసుకుంటూ పోతోంది. అరవై. రౌటర్ వైరు పట్టి లాగేశాను. అరవై ఒకటి దగ్గర ఆగింది.

విజయనగరంలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన ఒకరు తెలుసు. ఫోన్ చేస్తే, "ఏటీ ముట్టుకోకండి. ఆపే బటను కూడా ఒద్దు, ప్లగ్గు పీకీండి. ఫైళ్ళు వెతికే సాఫ్ట్‌వేరు ఏదీ ఆ డిస్కులో ఎక్కించకండి, అదీ దాని మీదే రాస్తాది. డిస్కు ఒక్కటీ ఇప్పి తెచ్చీండి" అన్నారు. నాన్న తువ్వాల్లోనే చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకున్నాను. పక్క సీటావిడ గుడి ప్రసాదం అనుకుందేమో, కాళ్ళు ముడుచుకుంది.

ఆయన ముందుగా డిస్కు మొత్తానికి కాపీ ఒకటి వేరే డిస్కులోకి తీశారు. వెతుకులాటంతా ఆ కాపీలోనే. మూడు గంటలు పట్టింది. నేను టీ తాగలేదు, కూర్చోలేదు. అమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. చివరికి 'అల్లుడు' పేరు తెర మీద తేలింది. పెళ్ళి వీడియో నాలుగు ముక్కలుగా ఉంది, సీడీలో ఉన్నట్టే. ఒకటి, రెండు, నాలుగు పచ్చగా వచ్చాయి. మూడోది ఎర్రగా ఉంది.

"దీని మీద వేరేది రాసీసినాదండి. ఇది రాదు" అన్నారాయన. తల పైకెత్తి నా మొహం చూసి, "ముక్కలుగా ఉండబట్టి మిగతావి బతికినాయి. ఒకే ఫైలైతే మొత్తం పోయుండేది" అన్నారు.

మూడో ముక్కలో అప్పగింతలు ఉన్నాయి. చెల్లి చేతులు బావ చేతిలో పెడుతూ నాన్న ఏడవడం, ఏదో అనడం, అన్నీ అందులోనే ఉన్నాయి. ఏమన్నారో ఇక ఎవరికీ వినపడదు.

నాలుగో ముక్క దక్కింది. పందిట్లో అందరూ వెళ్ళిపోయాక నాన్న ఒక్కరే కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. కెమెరా దగ్గరికి వచ్చేసరికి సిగ్గుపడి నవ్వి, "సాల్లే బాబూ, ఆపీ. నన్నేటి తీస్తావు" అన్నారు. పెద్దకర్మకి ఆ నవ్వే ఫోటో అయింది. అమ్మ ఆ వీడియో ఎన్నిసార్లు పెట్టించుకుందో చెప్పలేను. మూడో ముక్క సంగతి అమ్మకి ఆ రోజే చెప్పేశాను. "పోనీలేరా, ఆ ఏడుపు నాకు గుర్తున్నాది" అంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. మొన్న కొట్టు తెరిచి, డిస్కు బిగించి, నెట్ తగిలించకుండా కంప్యూటర్ వేశాను. టోరెంటు జాబితాలో ఆ సినిమా అలాగే ఉంది, అరవై ఒక్క శాతం దగ్గర. నాన్నని చెరిపేసింది ఎవరు అడిగిన సినిమానో చూద్దామని, అది ఏ ఫోల్డర్లోకి దిగుతోందో చూశాను.

'పెద్దోడు' అని ఉంది. ఇంట్లో నన్ను పిలిచే పేరు.

రెండు నెలల క్రితం ఫోన్లో ఏదో మాటల్లో, చిన్నప్పుడు విజయనగరం తీసుకెళ్ళి చూపించావే, ఆ సినిమా మళ్ళీ చూడాలని ఉంది నాన్నా అన్నాను. అని మర్చిపోయాను. "సూద్దాంరా పెద్దోడా, దొరుకుతాదేమో" అన్నారు. ఆయన మర్చిపోలేదు. దొరికింది, మొదలుపెట్టారు, చోటు చాల్లేదు. ఎవరి పేరున ఉన్నది తీసెయ్యాలో తేల్చుకోలేకపోయి ఉంటారు.

ఇప్పటికీ కొట్టుకి మెమరీ కార్డులు పట్టుకుని వస్తూనే ఉన్నారు. సినిమాలు లేవని చెప్పి పంపిస్తున్నాను. కంప్యూటర్ మీద తువ్వాలు మళ్ళీ కప్పాను. దాని కింద నా పేరు పక్కన, సినిమా ఎంత దిగిందో చూపే పచ్చ గీత ఒకటి, సగం దాటి కొంచెం ముందుకు వచ్చి, ఆగి ఉంది.